డ్రైవర్ రెజ్యూమెలకి మార్కులు: లైసెన్స్‌ని గేటు దగ్గరే ఆపాలి, కూడికలో కలపకూడదు

ప్రశ్న: అన్నా, మాది దుండిగల్ దగ్గర గోడౌన్, కిరాణా షాపులకి సబ్బులు, బిస్కెట్లు సప్లై. బొలెరో పికప్‌లు 9, ఐషర్ 14 అడుగులవి 3. డ్రైవర్లు కావాలని పోస్టింగ్ పెట్టా: "కమర్షియల్ బ్యాడ్జ్ తప్పనిసరి, సిటీ రూట్లు తెలియాలి, క్లీన్ రికార్డ్". 64 రెజ్యూమెలు వచ్చాయి. లైసెన్స్‌కి 30, రూట్‌కి 40, సేఫ్టీకి 30 అని ఎక్సెల్‌లో మార్కులేశా. టాప్‌లో వచ్చిన ముగ్గురితో మాట్లాడితే ఇద్దరి మీద అస్సలు నమ్మకం కలగలే. ఎక్కడ తప్పు చేస్తున్నా?

జవాబు:

నేను ఈ పనిలో పద్దెనిమిదేళ్ల నుంచి ఉన్నా, మొదటి నాలుగేళ్లు నేనే బండి నడిపా, తర్వాత సూపర్వైజర్, ఇప్పుడు ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఫ్లీట్ మొత్తం చూసుకుంటా. మీ షీట్ చూడకుండానే చెప్తున్నా, తప్పు రెండు చోట్ల ఉంది. ఒకటి, మూడింటినీ కలిపి కూడేస్తున్నారు. రెండోది, రెజ్యూమెలో రాసిన మాటకి మార్కులేస్తున్నారు, జరిగిన దానికి కాదు. డ్రైవర్ల రెజ్యూమె ఎవరు రాస్తారో మీకు తెలిసే ఉంటుంది, జిరాక్స్ షాపులో కూర్చున్న అబ్బాయి రాస్తాడు, ముప్పై రూపాయలకి. నాకు ఒకసారి బాలానగర్ వైపు నుంచి పన్నెండు రెజ్యూమెలు వస్తే పన్నెండిట్లోనూ ఒకటే "ఆబ్జెక్టివ్", ఒకటే "హార్డ్ వర్కింగ్ అండ్ సిన్సియర్", ఒకళ్లది మాత్రం పక్కోడి పేరు మార్చడం మర్చిపోయి అలాగే ఉంచేశారు. ఆ కాగితం మీద వచ్చిన మార్కులు ఆ షాపు అబ్బాయివి, డ్రైవర్‌వి కావు.

ముందు లైసెన్స్ సంగతి, ఎందుకంటే దీంట్లో మీ పోస్టింగే తప్పుంది. "బ్యాడ్జ్ తప్పనిసరి" అని రాశారు కదా, మీ తొమ్మిది బొలెరోలకి అది చట్టప్రకారం అవసరం లేదు. మోటార్ వెహికల్స్ చట్టంలో లైట్ మోటార్ వెహికల్ అంటే 7,500 కిలోలు దాటని బండి. గూడ్స్ బండికైతే ఖాళీ బండి బరువు కాదు, లోడుతో కలిపి ఆర్‌సీలో రాసుండే గ్రాస్ వెయిట్ చూడాలి, ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఆ పరిమితి లోపల ఉన్న బండి గూడ్స్ క్యారియర్ అయినా సరే మామూలు ఎల్ఎంవీ లైసెన్స్‌తో నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది, దాని మీద ఇన్సూరెన్స్ కంపెనీలు మళ్లీ వాదన పెడితే 2024 నవంబర్ 6న ఐదుగురు జడ్జిల ధర్మాసనం అదే ఖాయం చేసింది. బొలెరో పికప్ గ్రాస్ వెయిట్ మూడు టన్నుల చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి ఎల్ఎంవీ సరిపోతుంది. గ్యాస్ సిలిండర్ల లాంటి ప్రమాదకరమైన సరుకైతే లెక్క వేరు, దానికి విడిగా ట్రైనింగ్, లైసెన్స్ మీద విడిగా ఎంట్రీ కావాలి, కానీ మీవి సబ్బులూ బిస్కెట్లూ కాబట్టి ఆ గొడవ లేదు.

మీ ఐషర్లకి మాత్రం ఈ సంగతి వర్తిస్తుందో లేదో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మీరు మూడు ఆర్‌సీలూ బయటికి తీసి గ్రాస్ వెయిట్ దగ్గర వేలు పెట్టి చదవండి. "14 అడుగులు" అనేది బాడీ పొడుగు, బరువు కాదు. అదే పొడుగు బాడీతో 7,500 లోపు ఉన్న మోడలూ ఉంటుంది, దాటిన మోడలూ ఉంటుంది. దాటితే ఆ బండి డ్రైవర్‌కి ట్రాన్స్‌పోర్ట్ ఎంట్రీ ఉండాల్సిందే, మనోళ్లు హెవీ లైసెన్స్ అనీ బ్యాడ్జ్ అనీ దేన్ని పడితే దాన్ని అంటుంటారు కదా, అది.

కాబట్టి ఒక పోస్టింగ్‌ని రెండు చేయండి, బొలెరోకి ఒకటి, ఐషర్‌కి ఒకటి. ఇప్పుడున్న దాంతో బొలెరో నడపడానికి పూర్తిగా సరిపోయే కుర్రాళ్లు మీ ఫిల్టర్‌లో బయటికి పోయుంటారు, లేదా "బ్యాడ్జ్ లేదు" అని పదిహేను మార్కులు పోగొట్టుకుని కింద ఎక్కడో ఉంటారు. మీ పార్టీ కంపెనీ అగ్రిమెంట్‌లో బ్యాడ్జ్ అడిగితే అది వేరే విషయం, అప్పుడు అలా రాయండి, కానీ అది వాళ్ల షరతు, చట్టం కాదని మీకు తెలిసుండాలి.

సరే, ఇప్పుడు లైసెన్స్‌కి మార్కులెందుకు వేయకూడదో చెప్తా. మీ లెక్కలో ఒకతనికి లైసెన్స్‌లో సున్నా వచ్చినా రూట్ 40, సేఫ్టీ 30 తెచ్చుకుంటే 70తో పైకొచ్చేస్తాడు. కానీ లైసెన్స్ చెల్లనివాడికి రూట్ ఎంత బాగా తెలిస్తే మనకేం లాభం, బండి తాళం ఇవ్వడానికే వీల్లేదు కదా. అటుపక్కన, హెవీ ఉన్నవాడికి 30కి 30 వేసేస్తే మీ బొలెరోకి దాంతో ఒరిగేదేమీ లేకపోయినా అతను పైకెక్కి కూర్చుంటాడు. అందుకే లైసెన్స్ అనేది గేటు: ఈ బండికి చెల్లుతుందా, చెల్లదా, అంతే. చెల్లకపోతే మార్కుల షీట్ దాకా రానివ్వొద్దు, చెల్లితే సున్నా అదనపు మార్కులు.

గేటు దగ్గర ఏం చూడాలి అంటే, జిరాక్స్ చూడొద్దు, ఫోన్‌లో పంపిన ఫొటో కూడా చూడొద్దు. మనిషిని పిలిచాక అతని ముందే, అతని అనుమతితో, parivahan.gov.in లో లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ కొట్టండి. అందులో చెల్లుబాటు రెండు లైన్లలో వస్తుంది, Non-Transport అని ఒకటి, Transport అని ఒకటి, ఒక్కోదానికి From, To తేదీలు. మొదటి దాని తేదీ చాలా దూరం ఉంటుంది, రెండోది ఐదేళ్లే ఉంటుంది, 2019 సవరణకి ముందు మూడేళ్లే. రెజ్యూమెలో "లైసెన్స్ వ్యాలిడ్ టిల్ 2036" అని రాసేది ఆ మొదటి తేదీ చూసి. అబద్ధం కాదు పాపం, అతనికి కూడా రెండో తేదీ సంగతి గుర్తుండదు.

దీని దెబ్బ నేను తిన్నా. చాలా ఏళ్ల కిందట, అప్పుడు నేను పనిచేసే చోట పెద్ద బండి ఒకటి ఉండేది, 7,500 దాటిందే. డ్రైవర్ మంచోడు, మూడేళ్లుగా మా దగ్గరే ఉన్నాడు, ఒకరోజు పొద్దున ఆగి ఉన్న టిప్పర్‌ని వెనక నుంచి తగిలాడు, క్యాబిన్ ముందు భాగం అంతా నొక్కుకుపోయింది. దేవుడి దయ, మనిషికేం కాలేదు. క్లెయిమ్ వేస్తే సర్వేయర్ వచ్చి లైసెన్స్ అడిగాడు, ట్రాన్స్‌పోర్ట్ చెల్లుబాటు అప్పటికి రెండు నెలల కిందటే అయిపోయింది. క్లెయిమ్ రిజెక్ట్. లక్షా ఎనభై వేలు ఓనర్ జేబులోంచి పోయింది, మా ఓనర్ నన్ను ఒక్క మాట అనలేదు గానీ వారం రోజులు నా మొహం చూడలేదు. నేను అతన్ని పెట్టుకున్నప్పుడు చూసింది ఆ పై లైను ఒక్కటే. అవతల ఇంకో మనిషికి దెబ్బ తగిలుంటే ఇంకా ఘోరం, ఇన్సూరెన్స్ వాళ్లు బాధితుడికి కట్టి ఆ డబ్బు ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. గతంలో లైసెన్స్ గడువు అయిపోయాక కూడా ముప్పై రోజులు చెల్లేది, అది 2019 సవరణతో పోయింది, ఇప్పుడు అయిపోయిందంటే ఆ రోజు నుంచే లేనట్టు. అందుకని ఎవరిదైనా ఆరు నెలల్లో అయిపోయేలా ఉంటే నేను గేటు దాటిస్తా గానీ షీట్‌లో ఆ తేదీ ఎర్ర రంగులో పెడతా, జాయిన్ అయిన నెలలోనే రెన్యువల్‌కి పంపిస్తా, గడువుకి ఏడాది ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు.

గేటు అయిపోయింది కదా, ఇక మిగిలినవాటికి వంద మార్కులు. నేను సేఫ్టీకి 60, రూట్‌కి 40 వేస్తా. మీరు తిరగేశారు. రూట్ రానివాడికి నెల రోజులు పాత హెల్పర్‌ని పక్కన కూర్చోబెడితే వచ్చేస్తుంది, రివర్స్‌లో వెనక చూడకుండా తొక్కే అలవాటు నెలలో పోదు.

రూట్ నాలెడ్జ్ గురించి. "హైదరాబాద్ మొత్తం తెలుసు" అని రాసినవాడికి మీరు ఎన్ని వేశారు? 35 వేసుంటారు. ఆ మాటకి నేను సున్నా వేస్తా, ఎందుకంటే అది అందరూ రాస్తారు, అందరూ రాసేది ఎవర్నీ విడదీయదు. మీకు కావాల్సింది హైదరాబాద్ మొత్తం కాదు, దుండిగల్ నుంచి మీరు పంపే పదిహేను కిలోమీటర్ల ముక్క. రెజ్యూమెలో ఏరియా పేర్లు ఉంటే, అంటే "కేపీహెచ్‌బీ, నిజాంపేట్, ప్రగతి నగర్ సైడ్ రెండేళ్లు" లాగా, అది పిలవడానికి మంచి కారణం, అంతవరకే. మార్కులు మాత్రం టేబుల్ మీద కాగితం పెట్టాకే.

నేను చేసేది ఇది. మొన్న వాడిన ఒక అసలు ట్రిప్ షీట్ తీసుకుని పన్నెండు డ్రాప్‌లు ఒక కాగితం మీద కలగాపులగంగా రాసి ఇస్తా, షాపు పేరు కాదు, ఏరియా, పక్కన ఉన్న గుర్తు, ఎన్ని కేసులు, ఎప్పట్లోపు దించాలి. ఫోన్ పక్కన పెట్టించి పది నిమిషాలు టైమ్ ఇస్తా, వరుస వేయమంటా. మీ కేసులో అయితే గండిమైసమ్మ నుంచి బాచుపల్లి మీదుగా మియాపూర్ దిగి, అక్కడి నుంచి కేపీహెచ్‌బీ, జేఎన్‌టీయూ వైపు వచ్చి, నిజాంపేట్ రోడ్డు పట్టుకుని మళ్లీ బాచుపల్లి తేలితే ఒక చుట్టు అవుతుంది, వెళ్లిన దారిలోనే తిరిగి రానక్కర్లేదు. ఏరియా నడిపినవాడు పెన్ను పట్టుకోగానే ఈ చుట్టు గీస్తాడు. తెలియనివాడు మియాపూర్ వెళ్లి నిజాంపేట్ వచ్చి మళ్లీ కేపీహెచ్‌బీ వెళ్తాడు, కాగితం మీద గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి, మీరు చదవక్కర్లేదు, చూస్తే చాలు.

అయితే చుట్టు ఒక్కటే కాదు, అతను అడిగే ప్రశ్నలు కూడా వినండి, నిజానికి నేను వాటికే ఎక్కువ వేస్తా. "అన్నా, ఈ షాపు రోడ్డుకి ఏ వైపు, యూటర్న్ కొట్టాల్నా?" "ఇది అపార్ట్‌మెంట్ కింద సెల్లార్‌లో గోడౌనా, మరి బొలెరో ఎత్తు పడతదా?" "ఖాళీ క్రేట్లు వాపస్ తెచ్చుకునుడు ఉందా, ఉంటే వాళ్లది ముందు దించద్దు". ఇలా అడిగేవాడు డెలివరీ చేసినవాడు. ఐషర్‌కి వచ్చినవాడైతే పెద్ద బండ్లకి సిటీలో పగలు నో ఎంట్రీ ఏ టైమ్‌లో ఉందో అతనే ఎత్తాలి, మీరు ఎత్తేదాకా ఆ మాట రాకపోతే అతను సిటీలో పెద్ద బండి నడపలేదు. మ్యాప్ పెట్టుకుంటా అంటాడు, పెట్టుకోనివ్వండి, కానీ ఆ మ్యాప్ కారుకి దారి చూపిస్తుంది, లోడు బొలెరోకి కాదు, సందు చివర తిప్పుకునే చోటుందో లేదో దానికి తెలియదు.

రెజ్యూమెలోని రూట్ మాట అబద్ధమో కాదో తెలుసుకోవడానికి ఇంకో చిన్న కిటుకు ఉంది, పాతబడిన జ్ఞానం పట్టుకోవడం. ఒకతను "పోయినేడు దాకా కొత్తపేట ఫ్రూట్ మార్కెట్ నుంచి లోడింగ్" అన్నాడు. ఆ మార్కెట్ బాటసింగారం తరలిపోయి కొన్నేళ్లయింది. అంటే అతను సిటీ వదిలేసి చాన్నాళ్లయింది, మధ్యలో ఏం చేశాడో అడిగితే ఊళ్లో ట్రాక్టర్ తోలాడట. అది తప్పేం కాదు, వానాకాలం రాగానే వ్యవసాయానికి ఊరెళ్లి నాలుగు నెలల తర్వాత వచ్చే డ్రైవర్లు మనకి బోలెడంత మంది, గ్యాప్ ఉందని మార్కులు కోయకండి, గ్యాప్‌ని దాచాడనే దానికి కోయండి.

ఇక సేఫ్టీ, అసలు కష్టం ఇక్కడ. "నో యాక్సిడెంట్స్" అని రాసినవాడికి 30కి 30, "2023లో చిన్న యాక్సిడెంట్ అయింది" అని నిజం రాసినవాడికి 15 వేసుంటారు. చూశారా, మీ షీట్ నిజాయితీకి ఫైన్ వేస్తోంది. రెండేళ్లు ఇలాగే చేస్తే మీ దగ్గరికి వచ్చేది నోరు మెదపనివాళ్లే.

చలాన్లు చూస్తా అంటారేమో. చూడండి, కానీ దాని పరిమితి తెలుసుకుని చూడండి. మన దగ్గర కెమెరా చలాన్ పడేది బండి నంబరు మీద, డ్రైవర్ మీద కాదు. echallan.parivahan.gov.in లో లైసెన్స్ నంబరు కొట్టి చూడొచ్చు గానీ, పోలీసు ఆపి లైసెన్స్ నంబరుతో రాసినవే అందులో దొరుకుతాయి. కాబట్టి అక్కడ ఏమీ లేకపోతే "క్లీన్" అని కాదు, "దొరకలేదు" అని మాత్రమే. అక్కడ ఏమైనా కనిపిస్తే మాత్రం, ముఖ్యంగా తాగి నడిపింది ఉంటే, దానికి మార్కుల లెక్క ఉండదు, అదీ గేటే. లైసెన్స్ సస్పెండ్ అయ్యుంటే లైసెన్స్ స్టేటస్‌లో కనిపిస్తుంది, అది ముందే చూశాం కదా.

మరి సేఫ్టీ దేన్ని బట్టి? నేను అరవై మార్కుల్ని మూడుగా చేస్తా. పాత ఓనరో సూపర్వైజరో ఫోన్‌లో చెప్పేదానికి 25, జరిగిన సంఘటనల్ని నడిపిన కిలోమీటర్లతో పోల్చి 20, అతను తన నోటితో చెప్పే తీరుకి 15.

కిలోమీటర్ల సంగతి కొంచెం విడమరుస్తా, ఎందుకంటే దీన్ని దాదాపు ఎవరూ చేయరు. ఒకడు రోజుకి 90 కిలోమీటర్లు, నెలకి 26 రోజులు, నాలుగేళ్లు నడిపాడనుకోండి, లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు. అందులో రెండు చిన్న దెబ్బలు. ఇంకొకడు రోజుకి 40 చొప్పున పది నెలలు, పదివేల నాలుగొందలు, సున్నా దెబ్బలు. మీ షీట్‌లో రెండోవాడు గెలుస్తాడు. కానీ మొదటివాడి లెక్కన యాభై ఆరు వేల కిలోమీటర్లకి ఒకటి, అదే లెక్క రెండోవాడికీ ఉన్నా పదివేలల్లో ఏమీ జరక్కపోవడమే మామూలు. అంటే రెండోవాడి సున్నా మనకి ఏమీ చెప్పట్లేదు. అతను చెడ్డ డ్రైవర్ అని కాదు, ఇంకా తెలియదు అంతే. నేను అలాంటివాడికి ఆ ఇరవైలో సగం, పది వేస్తా, ఇరవై వేయను, సున్నా వేయను.

దెబ్బ ఎలాంటిదన్నది కూడా చూడాలి. సిటీ డెలివరీలో నా అనుభవంలో ఎక్కువ డబ్బు పోయేది రోడ్డు మీద కాదు, షాపు ముందు, సెల్లార్ ర్యాంప్ మీద, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రివర్స్‌లో. సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి వచ్చి తగిలిన దానికి నేను మార్కులు కోయను. అదే గేటు స్తంభానికి ఆర్నెల్లలో మూడుసార్లు తగిలితే అది దురదృష్టం కాదు, హెల్పర్‌ని కిందికి దింపి చూపించుకోడు అని అర్థం.

అతని నోటితో చెప్పించడానికి "యాక్సిడెంట్లు ఏమైనా అయ్యాయా" అని అడక్కండి, అందరూ లేదంటారు. "చివరిసారి బండికి గీత పడింది ఎప్పుడన్నా?" అని అడగండి. అడిగి ఊరుకోండి, మీరు మాట్లాడొద్దు. సిటీలో నాలుగేళ్లు డెలివరీ చేసినవాడు "ఒక్క గీత కూడా పడలే" అంటే నాకు నమ్మకం తగ్గుతుంది, పెరగదు. "పోయిన దసరా ముందు, అన్నా, మిర్రర్ పగిలింది, సెల్లార్‌లో ఎక్కేటప్పుడు, అదే రోజు సార్‌కి ఫోన్ చేసి చెప్పిన" అన్నవాడికి పదిహేనులో పన్నెండు అక్కడే పడిపోతాయి.

పాత ఓనర్‌కి ఫోన్ చేసినప్పుడు కూడా "మంచోడేనా" అని అడిగితే "మంచోడే" అంటారు, వదిలించుకోవాలన్నా అంటారు, ఉంచుకోవాలనుకుంటే ఇంకోలా చెప్తారు. నేను రెండే అడుగుతా. మీ బండికి ఇతని చేతిలో ఏమేం రిపేర్లు పడ్డాయి, మీకు దెబ్బ సంగతి ఎవరు చెప్పారు, అతనా, వేరేవాళ్లా. రెండో ప్రశ్నకి వచ్చే జవాబే నాకు సగం ఇంటర్వ్యూ.

ఇప్పుడు మొత్తం కలిపి చూపిస్తా. పోయినసారి బొలెరో డ్రైవర్ కోసం నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇద్దర్ని తీసుకుందాం. మొదటాయన ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, రెజ్యూమెలో హెవీ లైసెన్స్, 11 ఏళ్ల అనుభవం, హైదరాబాద్ మొత్తం తెలుసు, నో యాక్సిడెంట్స్. మీ ఫార్ములాలో లైసెన్స్ 30, రూట్ 35, సేఫ్టీ 30, మొత్తం 95. రెండో అబ్బాయికి ఇరవై తొమ్మిదేళ్లు, ఎల్ఎంవీ మాత్రమే, నాలుగేళ్లు బొలెరో మీద వాటర్ క్యాన్లు, కేపీహెచ్‌బీ మియాపూర్ సైడ్, "2023లో ఒక చిన్న యాక్సిడెంట్". మీ ఫార్ములాలో 15, 25, 15, మొత్తం 55. అసలు బ్యాడ్జ్ లేదని మీ ఫిల్టర్‌లోనే పోతాడు.

గేటు దగ్గర మొదటాయన ట్రాన్స్‌పోర్ట్ గడువు నాలుగు నెలల కిందట అయిపోయింది. బొలెరోకి ఎల్ఎంవీ చాలు, నాన్ ట్రాన్స్‌పోర్ట్ చెల్లుబాటు ఉంది కాబట్టి దాటాడు, 7,500 దాటిన ఐషర్‌కైతే అక్కడే ఆగిపోయేవాడు. రెండో అబ్బాయి కూడా బొలెరోకి దాటాడు. ఇద్దరూ సమానం, హెవీకి అదనంగా ఏమీ లేదు.

రూట్ కాగితం దగ్గర మొదటాయనకి 40కి 12 వచ్చాయి. పదకొండేళ్లలో ఎనిమిదేళ్లు నాగ్‌పూర్ లైన్లో లారీ, మిగతా మూడేళ్లు ఎల్బీనగర్, హయత్‌నగర్ వైపు. పెద్ద డ్రైవరే, హైవే మీద నాకన్నా బాగా నడుపుతాడు, కానీ మన ఏరియా అతనికి కొత్త. అబ్బాయి 34 తెచ్చుకున్నాడు, చుట్టు సరిగ్గా గీసి, ప్రగతి నగర్‌లో ఒక డ్రాప్‌ని కావాలనే చివరికి నెట్టాడు, ఎందుకురా అంటే "ఆ షాపాయన పదకొండింటి దాకా షట్టర్ తీయడు సార్" అన్నాడు. కాగితం మీద నేను ఇచ్చిన టైమ్ తప్పు, అతను చెప్పింది రైటు, మర్నాడు మా సేల్స్ అబ్బాయిని అడిగితే అవునన్నాడు.

సేఫ్టీ దగ్గర మొదటాయన గీత కూడా పడలేదన్నాడు. పాత చోటికి ఫోన్ చేస్తే గోడౌన్ షట్టర్‌కి రెండుసార్లు రివర్స్‌లో తగిలిందనీ, రెండుసార్లూ వాచ్‌మన్ చెప్తేనే తెలిసిందనీ చెప్పారు. ఫోన్‌కి 4, కిలోమీటర్ల దగ్గర హైవేవి ఎక్కువ కాబట్టి సిటీ లెక్కకి 8, నోటితో చెప్పిందానికి 3, మొత్తం 60కి 15. అబ్బాయి రెండు చెప్పాడు, రెజ్యూమెలో రాయని మిర్రర్ సంగతి తనే ఎత్తాడు, రాసిన యాక్సిడెంట్ ఏంటంటే ఆల్విన్ క్రాస్‌రోడ్స్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి ఆటో తగిలింది. పాత సూపర్వైజర్ రెండూ అలాగే చెప్పాడు, రెండూ ఆ రోజే ఫోన్ చేశాడన్నాడు. 22, 14, 12, మొత్తం 48. అంటే మొదటాయన 27, అబ్బాయి 82. మీ షీట్‌లో 95, 55.

మొదటాయన చెడ్డవాడని ఈ 27కి అర్థం కాదు, లాంగ్ లైన్ పోస్టింగ్ అయితే రూట్ కాగితం వేరే ఉంటుంది, అప్పుడు నంబరు వేరేగా వస్తుంది. మార్కులు ఎప్పుడూ మనిషికి కాదు, ఆ మనిషికీ ఆ పోస్టింగ్‌కీ మధ్య దూరానికి.

మీ 64 రెజ్యూమెలతో ఇదంతా చేయలేరు, చేయక్కర్లేదు కూడా. కాగితం మీద మాత్రం రెండే చూడండి: ఏ క్లాస్ లైసెన్స్ రాశాడు, పాత పని ఏ ఏరియాలో ఏ బండి మీద. ఏది రాయలేదో దానికి సున్నా వేసి పక్కన పడేయకుండా రెండు నిమిషాలు ఫోన్ చేసి అడగండి, జిరాక్స్ షాపు అబ్బాయి టైప్ చేయడం మర్చిపోతే డ్రైవర్‌ది తప్పు కాదు కదా. అలా 64లో ఒక పదిహేను మంది మిగులుతారు, వాళ్లని రోజుకి ఐదుగురు చొప్పున మూడు రోజులు పిలవండి. పాత ఓనర్ ఫోన్ ఎత్తకపోతే ఇంకో నంబరు అడగండి, అదీ దొరక్కపోతే ఆ 25లో 12 దాటనివ్వకండి. చివరికి మిగిలిన ఇద్దరు ముగ్గురికి లోడు బండి ఇచ్చి అరగంట నడపనివ్వండి, ఏదైనా ఇరుకు సందులో రెండుసార్లు రివర్స్ చేయించండి, మీరు పక్క సీట్లో కూర్చుని అతను మిర్రర్ చూస్తున్నాడా, ఫోన్ చూస్తున్నాడా అన్నది మాత్రం గమనించండి.

ఐషర్ ఆర్‌సీల గ్రాస్ వెయిట్లు చూసి ఇక్కడ పెట్టండి, మూడింట్లో ఏది ఏ గేటుకి వస్తుందో చెప్తా. బొలెరో పోస్టింగ్‌లో ఆ బ్యాడ్జ్ లైను మాత్రం ఇవాళే తీసేయండి, ఫిల్టర్‌లో పోయినవాళ్లని మళ్లీ బయటికి తీసి చూడండి.